మార్చి 31న అమ్మిన మందు జూన్‌లో ఎందుకు వెనక్కొస్తుంది

పురుగుమందుల కంపెనీల మీటింగుల్లో సేల్స్ ఆఫీసర్ల గురించి ఒక మాట ఎప్పుడూ వినబడుతుంది. వీళ్లు నెలాఖరు వచ్చేదాకా కదలరు, మార్చి వస్తే డీలర్ల నెత్తిన సరుకు రుద్దుతారు, జూన్‌లో అందులో చాలా భాగం వెనక్కొస్తుంది, ఈ కాలం కుర్రాళ్లకు పద్ధతి లేదు అని. నెల్లూరులో ఎంబీఏ పిల్లలకు సేల్స్ మేనేజ్‌మెంట్ చెప్పేవాడిగా నాకు ఈ మాటతో గట్టి పేచీ ఉంది. నా క్లాసులో కూర్చునే వాళ్లలో చాలామంది రేపు బైకు మీద కోవూరు, ఆత్మకూరు, ఉదయగిరి తిరిగే ఉద్యోగాలకే పోతారు. పద్ధతి లేదు అన్న ముద్ర వాళ్ల మీద పడకముందే వాళ్లకు చేతికిచ్చే రెండు కాగితాలను ఒకసారి చదవమంటాను. ఒకటి ఏ ఊళ్లు నీవి అని చెప్పే కాగితం, రెండోది ఎంత అమ్మితే ఎంత ఇస్తాం అని చెప్పే కాగితం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మార్చిలో ఏం జరుగుతుందో, జూన్‌లో ఏం జరుగుతుందో ముందే చెప్పేయొచ్చు. ఆ కుర్రాడు ఎలాంటివాడో తెలియాల్సిన పని కూడా లేదు.

క్లాసులో నేను వాడే లెక్క ఒకటి ఇక్కడ పెడతాను. కంపెనీ, అంకెలు నేను కల్పించుకున్నవి. ఊళ్లు, పంటలు మనవే.

ఒక పురుగుమందుల కంపెనీకి మన వైపు ఇద్దరు సేల్స్ ఆఫీసర్లున్నారు. ఒకరిది పల్లపు ఏరియా: నెల్లూరు, కోవూరు, బుచ్చి, సంగం, ఆత్మకూరు, అంటే పెన్నా నీళ్లు పారే వరి భూములు. ఇంకొకరిది మెట్ట ఏరియా: కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి, అంటే కంది, కాస్త పొగాకు, వాన పడితేనే పంట. ఇద్దరికీ నలభై మంది చొప్పున డీలర్లు. హెడ్డాఫీసు దృష్టిలో ఇది సమానమైన పంపకం. పోయిన ఏడాది పల్లపు ఏరియా అమ్మకం కోటి రూపాయలు, మెట్ట ఏరియా అమ్మకం యాభై లక్షలు. ఈ ఏడాది ఇద్దరికీ 20 శాతం పెంచారు. పల్లపాయనకు కోటీ ఇరవై లక్షలు, మెట్టాయనకు అరవై లక్షలు. దాన్ని నాలుగు క్వార్టర్లకు సమానంగా కోసి ముప్పై లక్షలు, పదిహేను లక్షలు అని రాసిచ్చారు.

ఇన్సెంటివ్ స్లాబులు ఇద్దరికీ ఒకటే. క్వార్టర్ టార్గెట్‌లో 90 శాతం చేరకపోతే సున్నా. 90 నుంచి 100 లోపు ఉంటే మొత్తం అమ్మకం మీద అర శాతం. 100 చేరితే మొత్తం మీద ఒక శాతం. 110 దగ్గర సీలింగ్, ఆపైన ఎంత అమ్మినా అదనంగా ఏమీ రాదు. చూడటానికి మామూలు స్కీమే, ఇలాంటివి చాలా చోట్ల నడుస్తున్నాయి.

ఇప్పుడు పల్లపాయన సంగతి చూడండి. మార్చి 31 మధ్యాహ్నానికి ఆయన లెక్క 29 లక్షల 90 వేల దగ్గర ఉందనుకుందాం. అక్కడే ఆగితే అర శాతం, అంటే 14,950 రూపాయలు వస్తాయి. ఇంకొక్క పదివేల బిల్లు పడితే ముప్పై లక్షలు పూర్తయి ఒక శాతంలోకి వెళ్తాడు, అంటే 30,000 వస్తాయి. పదివేల రూపాయల సరుకు బిల్లు చేస్తే ఆయన జేబులోకి పదిహేను వేలు అదనంగా వస్తున్నాయన్నమాట. సరుకు ధర కన్నా దాన్ని అమ్మినందుకు వచ్చేది ఎక్కువ! ఆ మందు తనే కొని కాలవలో పారబోసినా ఆయనకు లాభమే. అలాంటి లెక్క చేతికిచ్చి, నువ్వు డీలర్‌ని ఇబ్బంది పెట్టకూడదు అని నీతులు చెప్తే ఎవరు వింటారు?

కాలవలో ఎవరూ పారబోయరు, బుచ్చిలో ఒక తెలిసిన డీలర్ దగ్గరికి వెళ్తారు. ఇరవై తొమ్మిది లక్షల దగ్గర ఆగిన మనిషికి ఒక లక్ష బిల్లు కావాలి. "అన్నా, ఈ ఒక్క లక్ష బిల్లు వేసుకోన్నా, అమ్ముడుపోకపోతే జూన్‌లో నేనే వెనక్కి ఎత్తిస్తా" అంటాడు. డీలర్ నసిగితే సొంత డబ్బులోంచి ఐదువేలు తగ్గించి ఇస్తానంటాడు. ఆ లక్షతో ఆయన ఇన్సెంటివ్ 14,500 నుంచి 30,000 అవుతుంది కాబట్టి, ఐదువేలు పోయినా పదివేల పైన మిగులుతుంది. డీలర్‌కూ నష్టం లేదు, డబ్బు ఇప్పుడే కట్టక్కర్లేదు, పైగా ఐదువేలు కలిసొచ్చాయి. నష్టమంతా కంపెనీది. రవాణా ఖర్చు రెండుసార్లు, మూడు నెలలు చిక్కుకుపోయిన డబ్బు, గోడౌన్ చేరేసరికి తేదీ దగ్గరపడ్డ డబ్బాలు.

ఇందులో మన ప్రాంతానికే చెందిన సంగతి ఇంకొకటి ఉంది. నెల్లూరు పల్లపు భూముల్లో పెద్ద పంట రబీ వరే. నవంబరు, డిసెంబరులో నాట్లు పడతాయి. కాండం తొలుచు పురుగుకు గుళికలు, అగ్గితెగులుకు మందు, అన్నీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి వచ్చేసరికి కోతలు. మళ్లీ ఎడగారు పైరుకు నీళ్లొదిలి, నాట్లు పడి, మందు అవసరం వచ్చేదాకా రైతు షాపు గుమ్మం తొక్కడు. అంటే రైతు మందు కొనని నెలలోనే సేల్స్ ఆఫీసర్ మీద ఒత్తిడి ఏడాదిలో కెల్లా ఎక్కువగా ఉంటుంది. పైరుకు ఆర్థిక సంవత్సరం తెలియదు, స్కీముకు పైరు తెలియదు. ఈ వ్యాపారంలో కంపెనీ నుంచి డీలర్ షాపుకి సరుకు చేరడాన్ని ప్లేస్‌మెంట్ అంటారు, షాపు నుంచి రైతు ఇంటికి పోవడాన్ని లిక్విడేషన్ అంటారు. మార్చిలో జరిగేదంతా ప్లేస్‌మెంటే. లిక్విడేషన్ సున్నాకు దగ్గర. ఇన్సెంటివ్ మాత్రం ప్లేస్‌మెంట్ మీద.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. పాల్ ఓయర్ అనే ఆర్థికవేత్త 1998లో అమెరికా తయారీ కంపెనీల లెక్కలు తీసి చూశాడు. వాళ్ల ఆర్థిక సంవత్సరం చివర్లో అమ్మకాలు పెరుగుతాయి, కొత్త సంవత్సరం మొదట్లో పడిపోతాయి. అక్కడ కంపెనీల ఆర్థిక సంవత్సరాలు వేర్వేరు నెలల్లో ముగుస్తాయి కాబట్టి, ఇది సీజన్ వల్ల వచ్చే ఎగుడుదిగుడు మాత్రమే కాదని విడదీసి చూపించగలిగాడు. మన దగ్గర దాదాపు అందరికీ మార్చి 31 ఒకటే కావడంతో ఆ తేడా కంటికి ఆనదు. "సీజన్ అంతే సార్" అని సర్దుకుపోతాం.

ఇంకో విషయం కూడా గమనించాలి. ఈ స్కీము అందరినీ తోయదు. అదే మార్చి 15న ఇరవై రెండు లక్షల దగ్గర ఉన్న మనిషిని తీసుకోండి. 90 శాతానికి ఇంకా ఐదు లక్షలు కావాలి, రావని ఆయనకు తెలుసు. అప్పుడు చేతికొచ్చిన ఆర్డర్‌ని కూడా ఏప్రిల్ 1కి తోస్తాడు. ఈ క్వార్టర్‌లో వేస్తే సున్నా, వచ్చే క్వార్టర్‌లో వేస్తే అది పునాది అవుతుంది. 33 లక్షలు దాటేసిన మనిషీ అదే చేస్తాడు, సీలింగ్ తగిలింది కాబట్టి. పైగా ఈ ఏడాది ఎక్కువ అమ్మితే వచ్చే ఏడాది దాని మీద మళ్లీ 20 శాతం పడుతుంది. కాబట్టి తొందరపడకుండా ఉండటమే తెలివైన పని అవుతుంది. ఒకే స్కీము ఒకరి చేత లేని అమ్మకాన్ని చూపించేలా చేస్తోంది, ఇద్దరి చేత ఉన్న అమ్మకాన్ని దాచిపెట్టిస్తోంది. మేనేజరు ముందున్న కాగితంలో ఈ ముగ్గురూ ఒకడు కష్టజీవి, ఒకడు సోమరి, ఒకడు స్టార్ అన్నట్టు కనబడతారు.

ఇక ఏరియాల సంగతికి వస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. స్లాబుల గురించి అంతో ఇంతో అందరూ మాట్లాడతారు. ఊళ్లు పంచిన కాగితాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు, అదేదో దేవుడు గీసిన గీత అన్నట్టు.

మెట్టాయనకు నలభై మంది డీలర్లు, పల్లపాయనకూ నలభై మందే. కానీ డీలర్లను లెక్కపెడితే పని లెక్కపెట్టినట్టు కాదు. 1961లో వాల్టర్ టాలీ అనే ఆయన ఒక తేలికైన పద్ధతి చెప్పాడు, ఇప్పటికీ పాఠాల్లో దాన్నే వర్క్‌లోడ్ పద్ధతి అని చెప్తాం. డీలర్లను పెద్ద, మధ్య, చిన్న అని విడదీసి, ఎవరి దగ్గరికి నెలకు ఎన్నిసార్లు పోవాలో వేసుకుని, ఒక్కో విజిట్‌కు పట్టే సమయంతో గుణించడమే. పెద్ద డీలర్‌కు నాలుగు, మధ్య డీలర్‌కు రెండు, చిన్న డీలర్‌కు ఒకటి అనుకుందాం. పల్లంలో పెద్దవాళ్లు పది మంది, మధ్య పదిహేను, చిన్న పదిహేను: మొత్తం 85 విజిట్లు. మెట్టలో పెద్దవాళ్లు నలుగురే, మధ్య పన్నెండు, చిన్న ఇరవై నాలుగు: 64 విజిట్లు. ఇక్కడిదాకా చూస్తే మెట్టాయనకే పని తక్కువ. షాపులో కూర్చునే సమయం ఇద్దరికీ ముప్పావు గంట అనుకుని ఇప్పుడు ప్రయాణం కలపండి. పల్లంలో షాపు నుంచి షాపుకి సగటున ఇరవై నిమిషాలు, మెట్టలో గంట. పల్లపాయనకు నెలకు 92 గంటలు, మెట్టాయనకు 112 గంటలు. పైగా హెడ్‌క్వార్టర్ నెల్లూరు అని రాసి ఉంటే, ఉదయగిరి చేరడానికే దాదాపు వంద కిలోమీటర్లు. ఇరవై గంటలు ఎక్కువ తిరిగి, టార్గెట్ వంద శాతం కొడితే మెట్టాయనకు వచ్చేది పదిహేను వేలు, పల్లపాయనకు ముప్పై వేలు.

దీనికి మేనేజర్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఎక్కువ అమ్మినవాడికి ఎక్కువ ఇస్తాం, అందులో తప్పేముంది అని. సరే, ఎవరు ఎక్కువ అమ్మారో చూద్దాం. ఒక ఏరియాలో ఎంత మందు అమ్ముడుపోగలదో అంచనా వేయడం కష్టమేమీ కాదు. మండలాల వారీగా పంటల విస్తీర్ణం తీసుకుని, ఎకరాకు ఎన్ని పిచికారీలు, ఒక్కో పిచికారీకి ఎంత ఖర్చు అని గుణిస్తే చాలు. నా లెక్కలో పల్లపు ఏరియాకు అన్ని కంపెనీల మందులూ కలిపి పది కోట్లు, మెట్టకు రెండున్నర కోట్లు అని పెట్టాను. పదికోట్ల మార్కెట్‌లో కోటి అమ్మినాయన వాటా 10 శాతం. రెండున్నర కోట్లలో యాభై లక్షలు అమ్మినాయన వాటా 20 శాతం. పోటీని ఎదుర్కొని రైతులో, డీలర్‌లో నమ్మకం తెచ్చుకున్నది మెట్టాయనే. ఆయన్ని ఇంకో 20 శాతం పెంచమంటే వాటా 24కి పోవాలి, అంటే వేరే కంపెనీల చేతుల్లోంచి లాక్కోవాలి. పల్లపాయన 10 నుంచి 12కి పోతే చాలు, ఒక మంచి సుడిదోమ సీజన్ వస్తే అదే వచ్చేస్తుంది. ఒకే 20 శాతాన్ని ఇద్దరికీ పెట్టి సమానత్వం అంటున్నాం, అసలు అన్యాయం అక్కడే జరుగుతోంది.

దాన్ని నాలుగు క్వార్టర్లకు సమానంగా కోయడం ఇంకో అన్యాయం. మెట్టలో కందికి పూత, కాయ దశలో మందు కొట్టేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరి నుంచి మార్చికి పదిహేను లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు? డీలర్ గోడౌన్ నుంచే. అంటే ఏరియా తప్పుగా గీస్తే, టార్గెట్ తప్పుగా కోస్తే, మార్చిలో సరుకు రుద్దడం అనేది ఆయన ఎంచుకున్న దారి కానే కాదు, మిగిలిన ఒకే ఒక దారి. అది కూడా లేకపోతే రాజీనామా. మెట్ట ఏరియాల్లో కుర్రాళ్లు నిలవడం లేదని వాపోయే ఏరియా మేనేజర్లు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలని నా కోరిక.

రైతు పైరు దాకా పోయే నష్టం ఒకటుంది, అది చెప్పకుండా వదలలేను. ఫలానా మందు మీద అదనంగా రెండు శాతం అని కంపెనీలు స్పెషల్ స్కీములు పెడతాయి. అది సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందు అనుకోండి. ఆకుముడతకు పనిచేస్తుంది. కానీ వరిలో ఆ రకం మందులు కొడితే సుడిదోమను తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ చచ్చిపోయి సుడిదోమ మళ్లీ విజృంభిస్తుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెప్తున్నారు. సేల్స్ ఆఫీసర్‌కు ఆ సంగతి తెలుసు. ఆయన ఉద్యోగంలో రెండు పనులున్నాయి, సరుకు అమ్మడం, సరైన సలహా ఇవ్వడం. మొదటిది బిల్లులో కనబడుతుంది, రెండోది ఎక్కడా కనబడదు. కొలవగలిగే పనికి మాత్రమే గట్టిగా డబ్బు కట్టినప్పుడు కొలవలేని పని నుంచి మనిషి శ్రమ జారిపోతుందని హోల్మ్‌స్ట్రామ్, మిల్‌గ్రామ్ 1991లో నిరూపించి చూపారు. తర్వాత ఇద్దరికీ వేర్వేరు సంవత్సరాల్లో నోబెల్ కూడా వచ్చింది. వాళ్ల వాదన నుంచి తేలేది ఏమిటంటే, రెండో పని ముఖ్యమైనప్పుడు మొదటిదాని మీద కమీషన్ తగ్గించి జీతం పెంచాలి. రైతు పైరు కాపాడాల్సిన వ్యాపారంలో జీతం తక్కువ, కమీషన్ ఎక్కువ పెట్టడం నా దృష్టిలో తప్పు.

మరి ఏం చేయాలి అని పిల్లలు అడుగుతారు. ముందు గీత మార్చాలి. సంగం, ఆత్మకూరు మెట్టాయనకు ఇచ్చి, ఆయన హెడ్‌క్వార్టర్ వింజమూరుకు మార్చితే, ఆయనకూ కొంత కాలవ కింద వరి వస్తుంది, రోజూ నెల్లూరు నుంచి పోయే దూరం తగ్గుతుంది. మెట్టలో చిన్న డీలర్లను రెండు నెలలకోసారి చూసి మధ్యలో ఫోన్‌లో మాట్లాడితే గంటలు అదుపులో ఉంటాయి. పల్లపాయనకు మిగిలిన సమయం, వాటా తక్కువున్న నెల్లూరు, కోవూరు చుట్టుపక్కల కొత్త షాపులకు పోతుంది. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. మన దగ్గర డీలర్ అప్పు ఇచ్చేదీ పుచ్చుకునేదీ మనిషిని చూసి. సంగం షాపుల్ని లాగేసుకుంటే పల్లపాయన కడుపు మండుతుంది, పాత బాకీలు మొండికెత్తుతాయి. అందుకని మార్చిన షాపుల మీద కమీషన్‌లో సగం ఒక ఏడాది పాటు పాతాయనకే ఇవ్వాలి, బాకీ వసూలు బాధ్యతతో కలిపి.

తర్వాత స్లాబులు తీసేయాలి. ముప్పై లక్షల ఏరియాలో మొదటి ఇరవై లక్షల మీద 0.4 శాతం, ఆపైన ప్రతి రూపాయి మీద 2 శాతం పెట్టండి, సీలింగ్ వద్దు. ముప్పై లక్షలకు 28,000 వస్తుంది, కంపెనీకి ఖర్చు దాదాపు పాతంతే. కానీ 29 లక్షల 90 వేల దగ్గర ఆగినా 27,800 వస్తుంది. ఆఖరి పదివేల బిల్లు విలువ రెండొందలు. రెండొందల కోసం ఎవరూ డీలర్ కాళ్లు పట్టుకోరు. ఆ ఇరవై లక్షల గీత మాత్రం పోయిన ఏడాది అమ్మకం నుంచి రాకూడదు, ఏరియాలో ఉన్న మార్కెట్ నుంచి, ఆ క్వార్టర్‌లో ఉన్న పైరు నుంచి రావాలి.

స్లాబు లేకపోతే కుర్రాళ్లలో కసి ఉండదు అనేవాళ్లకు ఒక నిజమైన ఉదాహరణ ఉంది. సంజోగ్ మిశ్రా, హరికేశ్ నాయర్ 2011లో ఒక అమెరికన్ కాంటాక్ట్ లెన్సుల కంపెనీ అమ్మకాలను పరిశీలించి, కోటా, సీలింగ్ తీసేస్తే మేలని లెక్కగట్టి చూపారు. కంపెనీ అలాగే స్కీము మార్చింది, ఆదాయం దాదాపు 9 శాతం పెరిగింది. అయితే లెన్సులు వేరు, పురుగుమందులు వేరు. గీతకు దగ్గర్లో ఉన్న మనిషిని స్లాబు నిజంగానే పరుగెత్తిస్తుంది, దాన్ని నేను కాదనను. దూరంగా ఉన్నవాళ్లనూ దాటేసినవాళ్లనూ అది కూర్చోబెడుతుంది, ఆ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు అనేదే నా వాదన.

వెనక్కొచ్చిన సరుకు మీద కోత కూడా ఇప్పుడున్న పద్ధతిలో పనిచేయదు. పాత స్కీములో ఆఖరి లక్ష బిల్లు ఆయనకు 15,500 తెచ్చింది. అది జూన్‌లో తిరిగొస్తే అప్పటి అమ్మకంలో లక్ష తగ్గిస్తారు, మామూలుగా పోయేది ఐదొందలో వెయ్యో. ఏ రేటున ఇచ్చారో ఆ రేటునే వెనక్కి పట్టుకోవాలి, అది సూటి రేటు ఉంటేనే కుదురుతుంది. రెండు శాతం ఇచ్చాం, లక్షకు రెండువేలు తీసుకున్నాం, అంతే.

వసూలైన డబ్బు మీదే కమీషన్ ఇవ్వాలనే వాళ్లున్నారు. మంచిదే, కానీ దానికీ ఒక పక్కదారి ఉంది: డబ్బు వెంటనే కట్టే పాత డీలర్లనే పట్టుకుని తిరుగుతారు, కొత్త షాపు తెరవరు. రైతు పంట అమ్మాక గానీ షాపుకి డబ్బు రాని మెట్టలో ఈ షరతు ఇంకా గట్టిగా కొరుకుతుంది. లిక్విడేషన్ మీద ఇవ్వాలంటే షాపులో ఎన్ని డబ్బాలు మిగిలాయో లెక్క కావాలి. ఆ లెక్క రాసేది సేల్స్ ఆఫీసరే అయితే ఆయన రాసిందే లెక్క. ఏరియా మేనేజర్ నెలకు నాలుగైదు షాపులకు చెప్పకుండా వెళ్లి, గోడౌన్‌లో డబ్బాలు తనే లెక్కపెట్టి, తయారీ తేదీలు చూసుకుంటే చాలావరకు దారికొస్తుంది. ఎడగారు మొదలయ్యాక కూడా షాపు వెనక గదిలో జనవరి తయారీ పెట్టెలు విప్పకుండా ఉన్నాయంటే, అవి మార్చి ఆఖరి వారంలో వచ్చినవేనా అని బిల్లు తేదీ చూడాలి. ఆ వారంలో ఎంత శాతం బిల్లు పడింది, ఏప్రిల్‌లో ఎంత పడిపోయింది, జూన్‌లో ఎంత తిరిగొచ్చింది అనే మూడు అంకెల్ని ఏరియాల వారీగా పక్కపక్కన రాస్తే, ఏ ఏరియా గీత తప్పో, ఎక్కడ స్లాబు తప్పో, ఎక్కడ నిజంగా మనిషిదే తప్పో విడిపోయి కనబడుతుంది. రెండు ఏరియాల్లోనూ మూడంకెలూ ఒకే తీరుగా ఉంటే స్కీము మార్చండి. ఒక్క మెట్టలోనే అలా ఉంటే మ్యాపు తీయండి. గీత సరిచేసి, స్లాబు తీసేసిన తర్వాత కూడా ఒక్కడి దగ్గరే అలా జరుగుతుంటే, అప్పుడు ఆ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడండి.